740 ట్యాగులకు వివరణలు రాయాలా, లేక అన్నిటికీ noindex పెట్టాలా?

ప్రశ్న: మాది నెల్లూరు. వంటల మీద, చుట్టుపక్కల చూడదగ్గ చోట్ల మీద తెలుగులో బ్లాగు రాస్తుంటాను. వర్డ్‌ప్రెస్, యోస్ట్ వాడుతున్నాను. పోస్టులు 210, ట్యాగులు 740 అయ్యాయి. చేపల పులుసు, నెల్లూరు చేపల పులుసు తయారీ, పులికాట్, రొట్టెల పండుగ, నోరూరించేవి, వీకెండ్... ఇలా ఏది తోస్తే అది పెట్టుకుంటూ పోయాను. సెర్చ్ కన్సోల్‌లో ట్యాగు పేజీలు వందల కొద్దీ "Crawled - currently not indexed" అని వస్తున్నాయి. ఒకాయన ప్రతి ట్యాగుకూ 300 పదాల వివరణ రాయమన్నారు. ఇంకొకాయన అన్నిటికీ, సెర్చ్‌లో చూపించొద్దని గూగుల్‌కు చెప్పే noindex పెట్టేయమన్నారు. టెన్షన్‌గా ఉంది. ఏది చేయాలి?

సమాధానం:

ముందు టెన్షన్ పక్కన పెట్టండి సార్. ఆ "Crawled - currently not indexed" శిక్ష కాదు. గూగుల్ వచ్చి చూసింది, ఇండెక్స్‌లో పెట్టుకునేంత సరుకు కనపడలేదు, వెళ్లిపోయింది. మీ ట్యాగుల జాబితా చూశాక నాకూ అదే అనిపించింది. 740లో ఇండెక్స్‌లో ఉండదగ్గవి పది పదిహేనుకు మించవు. వివరణలు రాయాల్సింది వాటికే. మిగతావాటిలో చాలా భాగం అసలు ఉండక్కర్లేదు, ఉన్నా సెర్చ్‌లోకి రానక్కర్లేదు.

ట్యాగు పేజీలో ఏముంటుందో ఒకసారి చూడండి. పోస్టుల శీర్షికలు, వాటి కింద మొదటి రెండు మూడు వాక్యాలు. అవన్నీ ఆ పోస్టుల పేజీల్లో ఉన్నవే. కాబట్టి ఆ పేజీ సెర్చ్‌లో కనపడటానికి ఒక్కటే కారణం ఉంటుంది. వెతికే మనిషికి ఏదో ఒక్క పోస్టు సరిపోకూడదు, ఆ పోస్టులన్నీ ఒకచోట కావాల్సి రావాలి. అలాంటి మనిషి ఉన్నాడా లేడా అన్నది వివరణ రాయడానికి కూర్చుంటే తేలిపోతుంది. ఈ పోస్టులన్నిటినీ కలిపి చూస్తేనే చెప్పగలిగే మాటలు, వేరే ట్యాగుకు అతికించలేని మాటలు నాలుగైదు వాక్యాలు రాయగలిగితే ఆ ట్యాగు ఉంచండి. పెన్ను కదలకపోతే ట్యాగులోనే ఏమీ లేదన్నమాట. 300 పదాలు రాయమన్న సలహాతో నా పేచీ ఇదే. రాయడానికి ఏమీ లేనిచోట 300 పదాలు నింపితే ఊకదంపుడు తయారవుతుంది. అదీ 740 సార్లు.

మీ ట్యాగుల్లోనే మూడు తీసుకుని చూద్దాం.

"నోరూరించేవి". మీ వంటలన్నీ నోరూరించేవే కదా. ఈ మాట కొట్టి వెతికేవాళ్లు ఎవరూ ఉండరు. "వీకెండ్" కూడా అంతే. వీటికి noindex కూడా దండగ, తీసేయండి. ట్యాగు తీసేస్తే పోస్టులకు ఏమీ కాదు, వాటి మీద ఆ ముద్ర పోతుంది, అంతే. ఆ పేజీ అడ్రసు 404 అవుతుంది. దానికి బయటి లింకులు గానీ క్లిక్కులు గానీ లేనప్పుడు 404 వల్ల నష్టమేమీ లేదు.

"చేపల పులుసు". ఇక్కడ చిక్కుంది. ఈ మాట కోసం జనం నిజంగానే వెతుకుతారు. కానీ వెతికేవాడికి కావాల్సింది తయారీ విధానం. మామిడికాయ వేసి పెట్టే నెల్లూరు పులుసు మీద మీ పోస్టు ఒకటి ఉంది. కొలతలు, ఫొటోలు, పులుసు మర్నాటికి ఎందుకు బాగుంటుందో, అన్నీ అందులో ఉన్నాయి. ట్యాగులో ఉన్నవి మూడే పోస్టులు. ట్యాగు పేజీని ఇండెక్స్‌లోకి తోస్తే అది మీ సొంత పోస్టుతోనే పోటీకి నిలబడుతుంది. వచ్చినవాడు ముందు జాబితాలో దిగి, మళ్లీ ఒక నొక్కు నొక్కి పోస్టుకు పోవాలి. ఈ ట్యాగు సైట్‌లో ఉండొచ్చు, ఒక వంటకం చదివినవాళ్లు మిగతా రెండూ చూడటానికి పనికొస్తుంది. సెర్చ్‌కు మాత్రం noindex.

"పులికాట్". ఇది ఉంచదగ్గది. మీ సైట్‌లో చూశాను, తొమ్మిది పోస్టులున్నాయి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వైపు సరస్సు మధ్యగా పోయే రోడ్డు మీద ఒకటి, నేలపట్టు పక్షుల కేంద్రం మీద రెండు, ఫ్లెమింగో పండుగ మీద రెండు, పడవల మీద, పీతల కూర మీద, ఇలా. పులికాట్ వెళ్దామనుకునేవాడికి వీటిలో ఏ ఒక్కటీ చాలదు. ఎప్పుడు వెళ్లాలి, ఏది ముందు చూడాలి, ఎక్కడ దిగాలి అన్నవి తొమ్మిదింటిలో చెల్లాచెదురుగా ఉన్నాయి. వాటిని ఒక దారిన పెట్టే పని ట్యాగు పేజీయే చేయగలదు.

నా లెక్కకు పోస్టుల సంఖ్య రెండో విషయమే. ఐదారు పోస్టులున్నా అవి ఒకదానికొకటి తోడయ్యేలా ఉంటే చాలు. ఇరవై ఉన్నా అన్నీ ఒకే మాట చెబుతుంటే పనికిరాదు. ఒక్కటో రెండో పోస్టులున్న ట్యాగును మాత్రం ఆలోచించకుండా పక్కన పెట్టేయొచ్చు. మీ 740లో సగానికి పైగా అవే కనపడుతున్నాయి.

ఏదైనా తీసేసే ముందు సెర్చ్ కన్సోల్‌లో ఒక పని చేయండి. Performance రిపోర్టుకు వెళ్లి తేదీల్లో 16 నెలలు ఎంచుకోండి, అక్కడ దొరికేది అంతవరకే. Page ఫిల్టర్‌లో "URLs containing" పెట్టి `/tag/` అని కొట్టండి. క్లిక్కులు వచ్చిన ట్యాగు పేజీలు బయటపడతాయి. ఒక్కోదాని మీద నొక్కి Queries చూడండి. చూడాల్సింది క్లిక్కుల అంకె కన్నా, ఏ మాట కొట్టి వచ్చారన్నది. "పులికాట్ సరస్సు ఎప్పుడు వెళ్లాలి" అని కొట్టినవాళ్లు పులికాట్ ట్యాగుకు వచ్చి ఉంటే అది సరైన చోటే. "నెల్లూరు చేపల పులుసు ఎలా చేయాలి" అని కొట్టినవాళ్లు ట్యాగు పేజీకి వచ్చి ఉంటే, పోస్టుకు పోవాల్సిన మనిషి దారి తప్పాడన్నమాట. అప్పుడు ట్యాగుకు noindex పెట్టి, మిగతా రెండు పోస్టుల నుంచి అసలు పోస్టుకు లింకులివ్వండి. క్లిక్కులు వస్తున్న ట్యాగుకు గుడ్డిగా noindex పెట్టొద్దు అనేది ఇందుకే. ముందు ఆ క్లిక్కు ఎవరిదో తెలియాలి.

ఇక రాయడం. పులికాట్ ట్యాగుకు మామూలుగా జనం రాసేది ఇలా ఉంటుంది:

"పులికాట్ సరస్సు ప్రకృతి ప్రేమికులకు స్వర్గధామం. పులికాట్‌కు సంబంధించిన మా ఆర్టికల్స్ అన్నీ ఇక్కడ చదవండి. పులికాట్ టూరిజం, పులికాట్ పక్షులు, పులికాట్ ఫొటోలు..."

ఇందులో పులికాట్ తీసి మైపాడు పెట్టినా, కంభం చెరువు పెట్టినా వాక్యం చెక్కుచెదరదు. దాన్ని బట్టే అది పనికిరాదని తెలుస్తుంది. నేనైతే ఇలా రాస్తాను:

"దేశంలో చిలికా తర్వాత పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. ఫ్లెమింగోలను చూడాలంటే చలికాలంలో రావాలి, ఎండాకాలంలో వస్తే చాలాచోట్ల ఎండిన నేలే కనిపిస్తుంది. మొదటిసారి వచ్చేవాళ్లు సూళ్లూరుపేటలో రైలు దిగి, శ్రీహరికోట రోడ్డు మీద సరస్సు చూసి, అక్కడి నుంచి నేలపట్టు వెళ్లడం సులువు. నేలపట్టులో చూడాల్సింది గూడబాతులను, ఫ్లెమింగోలు అక్కడ కాదు, సరస్సులో ఉంటాయి. ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది, ఆ తర్వాత తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. పాత పోస్టుల్లో నెల్లూరు జిల్లా అని ఉంటే కారణం అదే. దారి గురించిన పోస్టుతో మొదలుపెట్టండి."

దీన్ని పెద్ద గొప్పగా రాశానని కాదు, ఏమేం పెట్టానో చూడండి. వెళ్లేవాడు మొదట అడిగే ప్రశ్నకు జవాబుంది. జనం పొరబడే విషయం ఒకటి సరిదిద్దాను, నేలపట్టుకు వెళ్లి ఫ్లెమింగోలు లేవేమని వెతుక్కునేవాళ్లు బోలెడుమంది. మీ పోస్టుల్లో ఒకదానికొకటి పొసగనట్టు కనిపించే జిల్లా పేరు సంగతి విడమరిచాను. వెంకటగిరి మీద రాసినవాటికి కూడా ఇదే చిక్కు ఉంటుంది, "నెల్లూరు జిల్లా" ట్యాగు వివరణలో ఉమ్మడి జిల్లా అని ఒక మాట వేయండి. చివర ఏ పోస్టుతో మొదలుపెట్టాలో చెప్పాను, ఆ మాటకు లింకు ఇవ్వాలి. ట్యాగు పేజీ ఎప్పుడూ కొత్త పోస్టును పైన చూపిస్తుంది, కొత్తవాడికి ముందు కావాల్సిన పోస్టు ఎక్కడో అడుగున ఉండిపోతుంది. ఆ లోటు పూడ్చేది వివరణే.

ఫ్లెమింగో పండుగ తేదీలు పెట్టలేదు, గమనించారా? అవి ఏటా మారతాయి. వివరణను ఒకసారి రాస్తే దానివైపు మళ్లీ చూడం. ఏడాది తిరిగేసరికి తప్పయ్యే సంగతులను పోస్టులోనే ఉంచాలి. పొడవు మాటకొస్తే, అరవై డెబ్బై పదాలు దాటితే ఫోన్‌లో జాబితా కిందకు జరిగిపోతుంది. జాబితా కోసం వచ్చిన మనిషికి అది చిరాకు.

ఇక్కడ చాలామంది కలగలిపే విషయం ఒకటుంది. ట్యాగు ఎడిట్ పేజీలో Description అని వర్డ్‌ప్రెస్ ఇచ్చే పెట్టె వేరు, కింద యోస్ట్ పెట్టెలో Meta description వేరు. మొదటిది పేజీ మీద చదివేవాడికి కనిపించేది. రెండోది సెర్చ్ ఫలితాల్లో శీర్షిక కింద చూపించమని గూగుల్‌కు ఇచ్చే మాట. గూగుల్ దాన్ని వాడొచ్చు, పేజీలోంచి ఇంకో ముక్క ఏరుకోనూ వచ్చు. రెండోదానికి ఒకటి రెండు వాక్యాలు చాలు, ముఖ్యమైనది మొదట్లోనే రావాలి. పులికాట్‌కు "ఫ్లెమింగోలు ఎప్పుడు, ఎక్కడ కనిపిస్తాయి, సూళ్లూరుపేట నుంచి ఎలా వెళ్లాలి, నేలపట్టులో ఏం చూడాలి" అంటే అయిపోయింది. మొదటి పెట్టెలో రాసిందే ఇక్కడా అతికించకండి.

పైన రాసింది పేజీలో కనపడుతుందో లేదో ముందు ఒక ట్యాగుతో చూసుకోండి. కొన్ని థీముల్లో ట్యాగు వివరణ చూపించే ఏర్పాటే ఉండదు. అలాంటప్పుడు మీరెంత రాసినా డేటాబేస్‌లోనే ఉంటుంది. ఆ పెట్టెలో లింకు, బోల్డ్ లాంటివి నిలుస్తాయి. బొమ్మలు, ఉపశీర్షికల ట్యాగులు పెడితే సేవ్ చేసేటప్పుడు వర్డ్‌ప్రెస్ మామూలుగా ఊడ్చేస్తుంది, యోస్ట్ ఉన్నచోట మాత్రం అవీ నిలుస్తాయి. పేరాల మధ్య ఒక ఖాళీ లైను వదిలితే చాలు.

ఇంకో సంగతి, పోస్టులు ఎక్కువై జాబితా రెండో పేజీకి పోతే, అదే వివరణ `/page/2/`లోనూ వస్తుంది. మొదటి పేజీలో మాత్రమే ఉండాలంటే చైల్డ్ థీమ్ `functions.php`లో ఇది పెట్టండి:

```php
add_filter( 'get_the_archive_description', function ( $text ) {
    return is_paged() ? '' : $text;
} );
```

పాత పద్ధతి థీముల్లో `the_archive_description()` వాడితే ఇది పనిచేస్తుంది. బ్లాక్ థీముల్లో వివరణ బ్లాకు వేరే దారిన వస్తుంది, అక్కడ ఇది పట్టదు. రెండో పేజీ canonical‌ను మొదటి పేజీకి తిప్పమని కొందరు చెబుతారు, వినకండి. రెండో పేజీలో ఉన్న పోస్టులు వేరు, దాని canonical దానికే ఉండాలి. యోస్ట్ అలాగే పెడుతుంది కూడా.

noindex పెట్టడానికి 700 ట్యాగులు తెరవక్కర్లేదు. యోస్ట్ Settings‌లో Categories & tags కింద Tags‌కు వెళ్లి "Show tags in search results" ఆఫ్ చేయండి. అప్పుడు అన్నిటికీ noindex పడుతుంది. మీరు ఉంచదలచుకున్న పది పదిహేను ట్యాగులను మాత్రం ఒక్కొక్కటే తెరిచి, యోస్ట్ పెట్టెలో Advanced కింద సెర్చ్‌లో చూపించాలా అన్నదానికి Yes ఎంచుకోండి. వరస ముఖ్యం. ముందు ఆ పదిహేనుకు వివరణలు రాసి Yes పెట్టుకోండి, ఆ తర్వాతే మొత్తం ఆఫ్ చేయండి. లేకపోతే మధ్యలో మంచివి కూడా కొన్నాళ్లు రాలిపోతాయి. noindex పడిన ట్యాగులను యోస్ట్ తన సైట్‌మ్యాప్ నుంచి తానే తీసేస్తుంది. చివరగా ఒక ట్యాగు పేజీ సోర్సు తెరిచి `robots` మెటా లైనులో `noindex, follow` ఉందో లేదో కంటితో చూడండి. క్యాష్ ప్లగిన్ ఉంటే ఖాళీ చేశాక చూడాలి.

`robots.txt`లో `Disallow: /tag/` అని మాత్రం రాయొద్దు. అలా రాస్తే గూగుల్ ఆ పేజీలోకే రాదు, రాకపోతే లోపల ఉన్న noindex‌ను చదవదు. ఇంతకుముందే ఇండెక్స్‌లో ఉన్నవి అలాగే వేలాడుతుంటాయి. "క్రాల్ బడ్జెట్ మిగులుతుంది" అని ఎవరైనా చెప్పినా పట్టించుకోకండి. 210 పోస్టుల సైట్‌కు ఆ బాధ లేదు, అది లక్షల పేజీల సైట్లు పడే బాధ.

తెలుగు ట్యాగులతో వచ్చే పేచీ ఒకటి మీ జాబితాలోనే కనపడింది. వర్డ్‌ప్రెస్ స్లగ్‌కు 200 అక్షరాల హద్దు ఉంది, స్లగ్ అంటే అడ్రసు చివర వచ్చే ముక్క. తెలుగు పేరు స్లగ్‌గా మారేటప్పుడు ఒక్కో హల్లు, ఒక్కో గుణింతపు గుర్తు `%E0%B0%A8` లాగా తొమ్మిదేసి అక్షరాలవుతుంది. అంటే ఇరవై రెండు గుర్తులతోనే హద్దు అయిపోతుంది. "నెల్లూరు" ఒక్కటే ఎనిమిది గుర్తులు, 72 అక్షరాలు. "నెల్లూరు చేపల పులుసు" 164 దగ్గర ఆగి సరిపోయింది. "నెల్లూరు చేపల పులుసు తయారీ" సరిపోలేదు, మీ అడ్రసు చివర చూడండి, "తయా" దగ్గర తెగిపోయి ఉంటుంది. పేజీ తెరుచుకుంటుంది గానీ, వాట్సాప్‌లో పంపితే ఆ శాతం గుర్తుల వరస చూసి ఎవరూ నొక్కరు. ఉంచదలచుకున్న ట్యాగులకు స్లగ్ ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్నగా పెట్టండి, `pulicat` లాగా. పేరు తెలుగులోనే ఉంచండి. అయితే పోస్టు స్లగ్ మారిస్తే వర్డ్‌ప్రెస్ పాత అడ్రసు నుంచి తానే మళ్లిస్తుంది, ట్యాగు స్లగ్ మారిస్తే ఆ పని చేయదు. పాత అడ్రసు నుంచి కొత్తదానికి 301 మీరే పెట్టాలి, Redirection లాంటి ప్లగిన్ చాలు.

ఒకే అర్థం ఉన్న ట్యాగులను కలిపేయండి. "పులికాట్", "పులికాట్ సరస్సు", "పులికాట్ లేక్" మూడూ ఉన్నాయి మీకు. పోస్టుల జాబితాలో ఆ ట్యాగు ఉన్నవి ఎంచుకుని Bulk edit‌లో "పులికాట్" చేర్చి, ఆ తర్వాత మిగతా రెండు ట్యాగులు తీసేసి, వాటి అడ్రసులను పులికాట్‌కు 301 చేయండి. ముందు తీసేసి తర్వాత చేర్చాలంటే ఏ పోస్టుకు ఏ ట్యాగు ఉండేదో తెలియదు. ఇదంతా మొదలుపెట్టే ముందు డేటాబేస్ బ్యాకప్ తీసుకోండి, ట్యాగులకు ట్రాష్ ఉండదు, తీసేస్తే పోయినట్టే.

తేదీల ఆర్కైవులు, రచయిత ఆర్కైవు సంగతి తేలికే. రాసేది మీరొక్కరే కాబట్టి రచయిత పేజీ అచ్చం హోమ్ పేజీయే, యోస్ట్‌లో ఆపేయండి. 2021 మార్చిలో మీరేం రాశారని వెతికేవాళ్లు ఉండరు, తేదీలవీ ఆపేయండి. కేటగిరీలు మీకు ఆరేడే ఉన్నాయి, వాటిని ఇండెక్స్‌లో ఉంచి ఒక్కోదానికి మంచి వివరణ రాయండి. "పులికాట్" కేటగిరీ కూడా ఉంటే, ట్యాగో కేటగిరీయో ఏదో ఒకటే ఉండనివ్వండి.

ఇవన్నీ చేశాక సెర్చ్ కన్సోల్‌లో "Excluded by 'noindex' tag" వరస పెరుగుతూ పోతుంది. అది చూసి మళ్లీ కంగారు పడొద్దు, మీరు చేయమన్నదే అది. అన్నీ ఒక్కరోజులో మారవు, గూగుల్ మళ్లీ వచ్చి చూసేదాకా వారాలు, తక్కువ చూసే పేజీలకు నెలలు పడుతుంది. మీరు గమనించాల్సింది రెండు. ఉంచిన ట్యాగులను URL Inspection‌లో పెట్టి చూస్తే ఇండెక్స్ అయ్యాయా, "చేపల పులుసు" లాంటి మాటలకు ఇప్పుడు పోస్టు కనపడుతోందా. మంచి వివరణ రాసిన ట్యాగు మూడు నాలుగు నెలలైనా "Crawled - currently not indexed"లోనే ఉంటే వివరణను పొడిగించకండి. లోటు సాధారణంగా పోస్టుల్లోనో, ఆ ట్యాగుకు సైట్‌లో లింకు లేకపోవడంలోనో ఉంటుంది. పులికాట్ ట్యాగుకు మీ మెనూలో గానీ, ఆ తొమ్మిది పోస్టుల మొదట్లో గానీ లింకు పెట్టారా లేదా చూడండి.

చివరగా రొట్టెల పండుగ ట్యాగు సంగతి. ఐదు పోస్టులున్నాయి కాబట్టి ట్యాగు ఉంచాలనిపిస్తుంది. కానీ ఆ ఐదూ ఒక్కో ఏడాది పండుగ మీద రాసినవి. మొహర్రం దగ్గరపడే రోజుల్లో వెతికేవాళ్లకు కావాల్సింది ఈ ఏడాది ఎప్పుడు, స్వర్ణాల చెరువు దగ్గర ఏ రొట్టె ఎక్కడ మార్చుకుంటారు, బారాషహీద్ దర్గాకు ఎలా చేరాలి అన్నవే. దానికి ట్యాగు వివరణ చాలదు. ఒకే అడ్రసులో ఒక పెద్ద పోస్టు పెట్టి, ఏటా దాన్నే సరిదిద్దుతూ, పాత ఐదింటికీ అందులోంచి లింకులివ్వండి. ట్యాగుకు noindex. పండుగకు ఒక నెల ముందే ఆ పోస్టును సరిచేసి పెట్టుకుంటే గూగుల్ చూసుకోవడానికి వ్యవధి ఉంటుంది.